వాక్యమే నవ్వాలి

“మీరు పంపిన పసుపు ముఖాలు మూడూ నవ్వుతున్నాయో ఏడుస్తున్నాయో నాకు తెలియలేదు. మీకు తెలిస్తే మాటల్లో చెప్పగలరా?”

మనసుకు నచ్చిన మనిషి నుంచి ఇలాంటి జవాబు వస్తే చాలామంది కుర్రాళ్ళు కంగారుపడి ఫోను పక్కన పెట్టేస్తారు. కోప్పడిందనుకుంటారు. ఆ రెండు వాక్యాలను మళ్ళీ నిదానంగా చదవండి. ఆమె సంభాషణ ముగించలేదు. ఒక ప్రశ్న వేసి, జవాబు కోసం కూర్చుంది. ఎలాంటి జవాబు కావాలో కూడా చెప్పింది. బొమ్మలు వద్దు, మాటలు కావాలి అంది.

ఇలాంటివాళ్ళు మన మధ్య తక్కువేమీ లేరు. అచ్చుతప్పులు దిద్దేవాళ్ళు, తెలుగు మాస్టార్లు, కోర్టు కాగితాలు అనువదించేవాళ్ళు, చిన్నప్పటి నుంచీ లైబ్రరీలో పెరిగినవాళ్ళు, ఏ వృత్తితోనూ సంబంధం లేకుండా కేవలం స్వభావం వల్ల మాటను పట్టించుకునేవాళ్ళు. వీళ్ళతో సరసమాడాలంటే ఇప్పటి కుర్రకారు ‘పులిహోర కలపడం’ అనే పద్ధతి పనికిరాదు. ఆ మాటే వాళ్ళకు నచ్చదు. ‘సూపర్’, ‘కేక’, ‘మామూలుగా లేదు’ వంటివి వినగానే వాళ్ళ మనసు ఒక అడుగు వెనక్కి వేస్తుంది. కారణం గర్వం కాదు. ఆ మాటలు, ఆ బొమ్మలు అందరికీ ఒకేలా వెళ్తాయి. నిన్న క్రికెట్ గెలిచినప్పుడు స్నేహితుల గ్రూపులో పెట్టిన ముఖమే ఇవాళ తనకూ వచ్చిందని ఆమెకు తెలుసు. తన కోసం ప్రత్యేకంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా అని ఆమె వెతుక్కుంటుంది.

ఇక్కడ చాలామంది ఒకవైపు నుంచి రెండోవైపుకు పడిపోతారు. యాస, బొమ్మలు వద్దంది కాబట్టి గ్రాంథికం కావాలేమో అనుకుని, “తమ దర్శనభాగ్యం ఈ దీనునికి ఎన్నడు ప్రాప్తించునో” అని మొదలుపెడతారు. అది సురభి వారి నాటకంలో బాగుంటుంది. ఫోనులో చూస్తే ఎదుటి మనిషి అభిరుచిని వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. ఆమె అడిగింది పాత భాష కాదు, పూర్తి వాక్యం. చదువుకున్న మనిషి గౌరవం ఉన్న ఇంకో మనిషితో నెమ్మదిగా మాట్లాడినట్టు ఉండే వాడుక భాష. అందులో ‘కాఫీ’, ‘బస్సు’, ‘సీటు’ హాయిగా ఉండొచ్చు. ఇంగ్లిషు మాటతో ఆమెకు పేచీ లేదు, అరిగిపోయిన మాటతోనే పేచీ.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ సినిమా గుర్తున్నవాళ్ళకు ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. ఎన్.టి. రామారావు, సావిత్రి పాత్రలు బడిపంతుళ్ళ ఉద్యోగాల కోసం భార్యాభర్తలుగా నటిస్తూ ఒక ఊళ్ళో చేరతాయి. లోపల ఒకరంటే ఒకరికి ఆసక్తి పెరుగుతూ ఉంటుంది, బయట మర్యాద తప్పకుండా చురకలు వేసుకుంటూ ఉంటారు. మర్యాద చెక్కుచెదరకుండా ఉండటం వల్లే దాని వెనక ఏముందో చూసేవాళ్ళకు కనిపిస్తుంది. గౌరవ వాచకం దూరాన్ని చూపిస్తుంది, ఆ దూరాన్ని దాటాలన్న కోరికనూ చూపిస్తుంది. ఈ రకం సరసానికి ఇంధనం అదే.

ఇంతకీ ఆ పసుపు ముఖం చేసే పనేమిటి? ‘ఇది వేళాకోళం, పట్టించుకోకు’ అని చెప్పడం. అది తీసేస్తే ఆ పని వాక్యమే చేయాలి. తెలుగువాళ్ళకు ఇందులో ఒక వరం ఉంది. మన వాక్యం చివర తగిలే చిన్న చిన్న ముక్కలు గొంతు తీరును కాగితం మీదికి తెస్తాయి. ఒక్క ఉదాహరణ చాలు.

“మీరు కాఫీ తాగరు.” ఇది సమాచారం. కాస్త నిష్ఠూరంగా కూడా వినిపిస్తుంది.

“మీరు కాఫీ తాగరు కదూ.” ఇది ఆమెను ఒప్పుకోమని గానీ కాదనమని గానీ పిలుస్తోంది.

“మీరు కాఫీ తాగరు లెండి.” ఇందులో చిన్న ఉడికింపు ఉంది. ‘నేను అడిగినా మీరు రారు’ అనే అర్థం పక్కన నిలబడి ఉంది. కాదని నిరూపించాలని ఆమెకు అనిపించొచ్చు.

“మీరు కాఫీ తాగరట.” దీన్ని కాస్త ఆగి చూడాలి. ‘అట’ అంటే ఎవరో చెప్పారని. ఎవరు చెప్పారు? ఎందుకు చెప్పారు? అంటే ఇతను నా గురించి ఎవరినో అడిగాడన్నమాట. ఇష్టం అన్న మాట ఎక్కడా లేకుండానే ఆమెకు అందాల్సినది అందింది. పైగా ఆమెకు నచ్చకపోతే “అవును, తాగను” అని ఊరుకోవచ్చు, ఎవరి మర్యాదా పోదు.

‘మరి’, ‘ఏమో’, ‘సుమండీ’, ‘పాపం’ కూడా ఇలాంటివే. అయితే ఒక సందేశంలో ఒకటి చాలు. మూడు కలిపితే పాత రేడియో నాటకంలో పాత్ర మాట్లాడినట్టు ఉంటుంది. ‘సుమండీ’ మరీ జాగ్రత్తగా వాడాలి. ఇప్పటి చెవికి అది కాస్త పాతబడింది కాబట్టి నవ్వు కోసం అప్పుడప్పుడు పనికొస్తుంది, రోజూ పనికిరాదు.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ జవాబు దగ్గరికి వద్దాం. ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఆమె విజయవాడలో ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతుంది. అతను గుంటూరులో ఉండే సివిల్ ఇంజనీరు, రోడ్ల మీద కల్వర్టులు కట్టించే పని. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక దుకాణం దగ్గర కలిశారు. ఆమె మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ కొనమని చెప్పింది. “చదివాక ఎలా ఉందో చెప్పండి” అని నంబరు తనే ఇచ్చింది. ఈ చివరి సంగతి ముఖ్యం. రాయడానికి అతనికి అనుమతి ఉంది. ఎక్కడో నంబరు సంపాదించి రాసే సరసానికి ఎంత గొప్ప వాక్యమూ అందం తేలేదు.

అతను వారం తర్వాత “హాయ్ అండీ, బుక్ సూపర్” అని రాసి మూడు ముఖాలు జోడించాడు. ఆమె జవాబు మీరు చూశారు. ఇప్పుడు అతనేం రాయాలి?

“మీ చురుకైన మాటలకు ఫ్లాటయ్యాను” అని రాస్తే ఆమె వద్దన్న దారిలోకే మళ్ళీ వెళ్ళినట్టు. “క్షమించండి, ఇక మీదట బొమ్మలు పంపను” అని రాస్తే మర్యాదగా ఉంటుంది గానీ అక్కడితో అయిపోతుంది, పైగా ఆమె దండించినట్టూ ఇతను తలవంచినట్టూ ఉంటుంది. “మీ కళ్ళు చాలా బాగుంటాయి” అనేది ఇంకా తొందర. అది ఎవరికైనా రాయగలిగే వాక్యం, ఇలాంటి మనిషి ఆ సంగతి మొదటి చూపులోనే పట్టేస్తుంది. చివరికి అతను ఇలా రాశాడనుకుందాం.

“నవ్వుతున్నాయండి. నేను కూడా నవ్వాను. పార్వతీశం ఆడవాళ్ళ టోపీ అని తెలియక పెట్టుకుని తిరిగే చోట బస్సులో గట్టిగా నవ్వేసరికి, పక్క సీటులో పెద్దాయన కారణం అడిగారు. మీ పేరు చెప్పలేదు. ‘ఒకరు చదవమన్నారండి’ అన్నాను. ఆయన పుస్తకం వైపు చూడకుండా నా వైపు చూసి ‘ఓహో, ఒకరా’ అన్నారు.”

ఇందులో అతను ఆమెను ఒక్క మాట కూడా పొగడలేదు. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చాడు. పుస్తకం నిజంగా చదివాడని టోపీ సంగతి చెబుతోంది. ఆమె చెప్పిన మాటను బస్సులో మోసుకుంటూ తిరుగుతున్నాడని తెలుస్తోంది. సరసం మొత్తం ఆ పెద్దాయన నోట్లో ఉంది. ‘ఒకరు’ అనే మాటను ఆయన నొక్కి పలికాడు, ఇతను ఆయన అన్నది చేరవేశాడంతే. ప్రమాదం తక్కువ, అర్థం ఎక్కువ. ఇలా మూడో మనిషి చేత పలికించడం మన ఇళ్ళలో వదిన, బావ వరుసవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని. రాతలో అది ఇంకా బాగా అమరుతుంది.

ఇంకో విశేషం కూడా ఉంది. ఆ సందేశానికి జవాబు చెప్పడానికి ఆమె ముందు మూడు తలుపులున్నాయి. టోపీ గురించి మాట్లాడవచ్చు, బస్సు గురించి మాట్లాడవచ్చు, ‘ఒకరు’ గురించి మాట్లాడవచ్చు. మొదటి రెండూ స్నేహం వైపు తెరుచుకుంటాయి, మూడోది సరసం వైపు. ఎదుటివాళ్ళ మనసు ఎలా తెలుసుకోవాలని అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే. మూడు తలుపులు పెట్టి, ఆమె ఏది తీస్తుందో చూడండి. ఒక్క తలుపే పెడితే తీయక తప్పని ఇబ్బందిలో పెట్టినట్టు.

ఆమె ఇలా రాసింది:

“ఆ పెద్దాయన నిద్ర చెడగొట్టినందుకు నా తరఫున క్షమాపణ చెప్పండి. అయినా ‘ఒకరు’ అనేది చాలా పొదుపైన పరిచయం.”

మూడో తలుపు తీసింది. మందలింపు ధోరణిలోనే తీసింది, అది ఆమె తీరు. ఇక్కడ అతను “హమ్మయ్య, నేనంటే మీకు ఇష్టమేనన్నమాట” అన్నాడంటే పండబోయే కాయను కోసేసినట్టే. ఆమె ఆట మొదలుపెట్టింది కాబట్టి ఆటలోనే జవాబివ్వాలి.

“పొదుపు మా శాఖలో నేర్పిస్తారండి. అంచనా ముందు తక్కువగానే వేస్తాం, తర్వాత సవరిస్తాం. సవరించిన పరిచయం ఎలా ఉండాలో మీరే చెప్పాలి. తప్పులు దిద్దడం మీ పని కదా మరి.”

“దిద్దాలంటే ముందు రాతప్రతి చూడాలి.”

ఆ నాలుగు మాటల జవాబు చూసి చిన్నదని బాధపడనక్కర్లేదు. నిడివి చిన్నదే గానీ అందులో అడుగు ముందుకు పడింది. ఇంకా రాయమంటోంది. చల్లారిన జవాబు వేరేగా ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను. గమనించాల్సింది ఏమిటంటే ఇద్దరూ తమ తమ పనుల్లోని మాటలతోనే ఆడుకుంటున్నారు. అంచనా, సవరణ, తప్పులు, రాతప్రతి. ఎవరో సినిమాలో అన్న డైలాగు కాదు, ఇంటర్నెట్టులో దొరికిన కవిత కాదు. ఈ ఇద్దరే అనుకోగలిగిన మాటలు. యాసా బొమ్మా ఇష్టపడని మనిషికి దక్కే ఆనందం ఇదే.

ఉత్సాహం పెరిగిన ఇంజనీరు మర్నాడు సర్కారు ఉత్తరం తీరులో ఒకటి రాశాడు. ‘విషయం: కాఫీ గూర్చి అభిప్రాయ సేకరణ. సూచిక: తమరి నిన్నటి సందేశం. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా’ అంటూ సాగి, ‘ఇట్లు, విధేయుడు’ అని ముగిసింది. ఆమెకు నవ్వొచ్చింది. అదే తీరులో ఒక రశీదు పంపింది. అతను దాంతో ఆగలేదు. ఆ రాత్రి ఇంకొకటి, మర్నాడు పొద్దున మరొకటి, సాయంత్రానికి ‘జ్ఞాపిక’ అని ఇంకొకటి. ఆమె జవాబు వచ్చింది. “సరే.”

ఇది చల్లారిన జవాబు. ‘రాతప్రతి చూడాలి’ అనేదానిలో పట్టుకుని ముందుకు వెళ్ళడానికి ఏదో ఉంది, ‘సరే’లో ఏమీ లేదు. ప్రశ్న లేదు, కొత్త మాట లేదు, అతని మాటల్లోంచి తీసుకున్నదేమీ లేదు. లాంఛన భాషతో ఇదే పెద్ద ప్రమాదం. అది వేషం అయిపోగానే వెచ్చదనం పోతుంది. ఉత్తరం తీరు మొదటిసారి చమత్కారం. ఎందుకంటే దాని వెనక మనిషి కనిపిస్తున్నాడు. నాలుగోసారి వేషమే కనిపిస్తుంది, మనిషి కనపడడు. బొమ్మలు పంపేవాడు చేసే పనే ఇతనూ చేస్తున్నాడు, సామాను మారింది అంతే.

దీన్ని సరిచేయడానికి ఇంకో చమత్కారం పనికిరాదు. వేషం తీసేసి మామూలుగా మాట్లాడాలి.

“నా ఉత్తరాలు ఎక్కువయ్యాయని నాకే అనిపించింది. మామూలుగా అడుగుతాను. మొన్న చెప్పిన లెక్కల పుస్తకం ప్రూఫులు పూర్తయ్యాయా? సూత్రాల్లో తప్పులు పట్టడం కష్టమన్నారు.”

ఆమె ఏమందో గుర్తుపెట్టుకుని అడిగాడు. వెచ్చదనం అంటే నాకు తెలిసినంతలో ఇదే. తేనె పూసిన విశేషణాలు అక్కర్లేదు. ‘లెక్కల పుస్తకం’, ‘సూత్రాలు’ అనే రెండు మాటలు ‘మీరు ఎంతో గొప్పవారు’ కన్నా ఎక్కువ చెబుతాయి. అలసిన రోజున ఆమెకు కావలసింది చమత్కారం కాదు, తన రోజు గురించి ఒక మనిషి పూర్తి వాక్యంలో అడగడం. ఆ రోజు ఆమె పెద్ద జవాబు రాసింది. ఒక వర్గమూలం గుర్తు పేజీ పొడవునా జారిపోయిన వైనం చెప్పి, “మీ కల్వర్టుల్లో ఇలాంటివి జరగవనుకుంటాను” అని ముగించింది. మళ్ళీ తలుపు తెరుచుకుంది.

హాస్యం ఎవరి మీద పడాలన్నది ఇంకో చిక్కు. పసుపు ముఖం లేనప్పుడు ఉడికింపు మందలింపుగా మారడానికి క్షణం పట్టదు. “మీరు జవాబివ్వడానికి రెండు రోజులు తీసుకున్నారు” అని పూర్తి వాక్యంలో, చివర చుక్క పెట్టి రాస్తే నోటీసు ఇచ్చినట్టు ఉంటుంది. అదే సంగతిని “మీ జవాబు వచ్చేలోగా నేను రాసినదే నాలుగుసార్లు చదువుకున్నాను. మూడోసారికి నాకే అనుమానం వచ్చింది” అని రాస్తే భారం రాసినవాడి మీద పడుతుంది. ఎదురుచూశాడన్న సంగతి మాత్రం ఆమెకు చేరుతుంది. మొదటి రోజుల్లో వేళాకోళం మీ మీదో, ఇద్దరికీ తెలిసిన పార్వతీశం లాంటివాళ్ళ మీదో ఉండటం మంచిది. ఆమె మీద చురక వేయడానికి ముందు ఆమె మీ మీద ఒకటి వేసేదాకా ఆగాలి. వేసిందంటే ఆ చనువు ఇచ్చినట్టే. అప్పుడు కూడా రూపం, వయసు, కుటుంబం, జీతం జోలికి పోకూడదు.

తెలుగులిపిలో రాసేవాళ్ళకు ఒక సాంకేతిక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగుగా మారే కీబోర్డు ల, ళల మధ్యా న, ణల మధ్యా తడబడుతుంది. ‘మీ కళ్ళు’ అని కొట్టబోతే ‘మీ కల్లు’ అని పడిన సందేశం తాటితోపుకు వెళ్ళాలి గానీ ప్రూఫులు దిద్దే మనిషికి వెళ్ళకూడదు. పంపే ముందు ఒకసారి పెదాలు కదుపుతూ చదువుకుంటే రెండు లాభాలు. తప్పులు దొరుకుతాయి, మీ నోటితో మీరు అనలేని వాక్యం ఏదైనా ఉంటే అదీ దొరుకుతుంది. నోరు తిరగని వాక్యం మీది కాదు, తీసేయండి. వాక్యం మధ్యలో మూడు చుక్కలు పెట్టే అలవాటు ఉంటే అదీ మానుకోవాలి. మాట పూర్తిచేయకుండా ఆమెను ఊహించుకోమనడం బొమ్మ పంపడానికి చుట్టమే.

తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ఇది చమత్కారానికి ఎంత ఉపయోగమో రాసేవాళ్ళు గమనించరు. “మీరు చెప్పిన రెండో భాగం కూడా కొన్నాను, అట్ట వేశాను, మొదటి పేజీ మీద పేరు రాసుకున్నాను, చదవడం మాత్రం మీరు పక్కన లేనప్పుడు ఎందుకని ఆపాను.” ఆఖరి మాట వచ్చేదాకా ఆమె ఎటు పోతుందో తెలియక చదువుతుంది. ఇంగ్లిషులో అనుకుని తెలుగులోకి మార్చి రాస్తే ఈ బిగువు పోతుంది. అసలు విషయం ముందే చెప్పేసి, తర్వాత కారణాలు తగిలించినట్టు అవుతుంది.

ఇక అడగాల్సిన రోజు గురించి. ఇక్కడ చమత్కారం పక్కకు తప్పుకోవాలి. శ్లేషలో ఆహ్వానించడం, జోకులో ప్రేమ చెప్పడం పిరికితనంగా కనిపిస్తాయి. పైగా ఆమె కాదంటే ‘అబ్బే, వేళాకోళానికి అన్నాను’ అని తప్పించుకోవడానికి దారి పెట్టుకున్నట్టు ఉంటుంది. మాటకు విలువిచ్చే మనిషికి ఇది బాధ కలిగిస్తుంది. రోజు, వేళ, చోటు ఉన్న వాక్యం కావాలి, కాదనడానికి సులువైన దారి కూడా అందులోనే ఉండాలి.

“శనివారం సాయంత్రం ఐదింటికి బందరు రోడ్డులో కాఫీ తాగుదామా? మీతో రాసుకోవడం నాకు ఇష్టం, ఎదురుగా కూర్చుని మాట్లాడాలని కూడా ఉంది. కుదరదన్నా, వద్దన్నా పార్వతీశం గురించి ఇలాగే రాసుకుందాం.”

నవ్వించే ముక్క ఒక్కటీ లేదు. ‘ఇష్టం’ అనే మాట మొదటిసారి తిన్నగా వచ్చింది, ఇంతవరకూ దాన్ని వాడకుండా దాచుకున్నందుకు దానికి బరువు ఉంది. ఆమె ఒప్పుకుందనుకుందాం. “ఐదున్నర అయితే కుదురుతుంది. మిమ్మల్ని ఎలా గుర్తుపట్టాలి?” అని అడిగింది. పుస్తకాల దుకాణం దగ్గర అరగంట మాట్లాడిన మనిషిని గుర్తుపట్టలేనంత మతిమరుపు ఆమెకు లేదు. అది ఆట. “టోపీ పెట్టుకుని వస్తాను” అని అతను రాశాడు. చమత్కారం తిరిగి లోపలికి రావడానికి అనువైన చోటు ఇదే, అడగాల్సింది అడిగి, జవాబు అందిన తర్వాత.

మీరు నుంచి నువ్వుకు మారడం తెలుగులో సరసానికి సంబంధించిన పెద్ద ఘట్టం. బొమ్మలూ యాసా ఉన్న సంభాషణల్లో అది ఎప్పుడు జరిగిందో కూడా తెలియకుండా జరిగిపోతుంది. ఇలాంటి మనిషితో అలా జరగకూడదు. ఒక మంచి మాట మధ్యలో అనుకోకుండా ‘నువ్వు’ దొర్లించి, ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని అనుకోవడం ఆమె చేతిలోది లాక్కోవడమే. మొదట ‘గారు’ తీసే అనుమతి అడగవచ్చు, అది చిన్న మెట్టు. ‘మీరు’ను ఆమె తీస్తేనే తీయాలి, లేదా సూటిగా అడగాలి. కొందరు పెళ్ళయ్యాక కూడా ఇద్దరూ మీరు అనే పిలుచుకుంటారు, అందులో వాళ్ళకు దొరికే ముద్దు వేరు. తెలంగాణలో చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళను కూడా ఆప్యాయంగా నువ్వు అనే అలవాటు ఉంది. అక్కడ పెరిగిన మనిషికి మీరు అనేది దూరంగా అనిపించవచ్చు, వెంటనే నువ్వు అనమని చెప్పవచ్చు. అవతలి మనిషి ఇంట్లో ఎలా మాట్లాడతారో గమనించి నడుచుకోవాలి.

ఇంతవరకూ అతను ఆమెకు రాయడమే చూశాం గానీ, ఆమె అతనికి రాసినా, యాస నచ్చనిది అతనికే అయినా పద్ధతి మారదు. నిజానికి పై సంభాషణలో పదునైన వాక్యాలన్నీ ఆమెవే.

చివరిగా, కాదన్న మాట గురించి. మర్యాద భాషలో మాట్లాడేవాళ్ళు కాదని కూడా మర్యాదగానే అంటారు, అందువల్ల దాన్ని గుర్తుపట్టడం కష్టం. “చూద్దాం లెండి.” “ఈ మధ్య తీరిక ఉండటం లేదండి.” “కుదిరితే చెబుతాను.” తెలుగువాళ్ళ మధ్య ఈ మూడూ చాలాసార్లు కాదనే. నిజంగా తీరిక లేనివాళ్ళు మరో రోజు తామే చెబుతారు. ‘ఐదు కుదరదు, ఐదున్నర’ అన్నట్టు. మరో రోజు చెప్పకుండా ‘చూద్దాం’ అంటే, మళ్ళీ అడగకుండా ఇలా రాస్తే సరిపోతుంది. “అలాగేనండి. మీరు చెప్పిన పుస్తకం వల్ల రెండు బస్సు ప్రయాణాలు హాయిగా గడిచాయి, అందుకు థాంక్స్.” ఇందులో నిష్ఠూరం లేదు, ఇంకో ప్రశ్న లేదు, ఆమె జవాబు ఇవ్వాల్సిన అవసరమూ లేదు. రెండో భాగం చదివి నవ్వొచ్చినా ఆ సంగతి ఆమెకు రాయకూడదు. తనకు రాయాలనిపించిన రోజున ఆమే రాస్తుంది.